ఉత్వ సంధి పాఠం: ఉదాహరణ ముందా, సూత్రం ముందా?

శ్రోతలకు నమస్కారం. వ్యాకరణ బోధనలో ఆగమన, నిగమన పద్ధతులని రెండున్నాయి. ఉదాహరణలు ముందుంచి సూత్రాన్ని పిల్లల చేతనే చెప్పించడం ఆగమనం. సూత్రం ముందు చెప్పి దానిని ఉదాహరణలకు అన్వయించడం నిగమనం. ఏ తరగతికి ఏది తగునో ఉత్వ సంధి పాఠం ఆధారంగా చూద్దాం.

మన విశాఖపట్నంలోనే, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలున్న ఒక ఏడో తరగతిని తీసుకుందాం. ఉపాధ్యాయురాలు నల్లబల్ల మీద ‘ఊరంతా’, ‘కొండలన్నీ’, ‘పడవలెక్కడ’, ‘వాడెవడు’ అని రాసి, ఒక్కొక్కదానిలో ఏ రెండు మాటలున్నాయో అడుగుతారు. ఊరు, అంతా, కొండలు, అన్నీ అంటూ పిల్లలు వెంటనే విడదీస్తారు. మొదటి మాట చివర ఏముంది, రెండో మాట మొదట ఏముంది, కలిసినప్పుడు ఏది పోయింది అని వరుసగా అడిగితే, ఉకారం తరువాత అచ్చు వచ్చినప్పుడు ఉకారం పోతుందని వాళ్లే తేలుస్తారు. ‘ఉత్తునకు అచ్చు పరమైనపుడు సంధి అగును’ అన్న పుస్తకంలోని వాక్యం ఆ తరువాత చూపితే, అది బట్టీ పట్టవలసిన మాటగా కాక తాము చెప్పిన మాటగానే కనిపిస్తుంది.

అయితే ఉదాహరణలన్నీ ఒకే తీరుగా ఉంటే పిల్లలు ఆ నియమాన్ని హద్దు దాటించి వాడతారు. ‘గురు’, ‘ఉపదేశం’ కలపమంటే ‘గురుపదేశం’ అని రాస్తారు. అందుకే ‘గురూపదేశం’, ‘మన్వంతరం’ కూడా అదే పీరియడ్‌లో బల్లకెక్కాలి. సంస్కృత పదాలు రెండు కలిసిన ఈ మాటల్లో ఉకారం లోపించలేదనీ, ఒకచోట దీర్ఘమైందనీ, మరొకచోట వకారంగా మారిందనీ పక్కపక్కనే చూసినప్పుడే ఉత్వ సంధికి ఎల్ల ఎక్కడో తెలుస్తుంది. ఈ మెట్టు వదిలేసిన ఆగమన పాఠం సగం పాఠమేనని నా అభిప్రాయం.

ఇదే నగరంలో ఉక్కు కర్మాగారం, నౌకాదళం, ఓడరేవు ఉద్యోగాల మీద వచ్చిన కుటుంబాల పిల్లలు, ఇంట్లో హిందీయో ఒడియాయో మాట్లాడేవారు, ఎక్కువగా ఉన్న తరగతులూ ఉన్నాయి. అక్కడ ‘ఊరంతా’ను విడదీయమంటే ‘ఊర, అంతా’ అన్న జవాబు వస్తుంది. చెవికి పరిచయం లేని భాషలోంచి సూత్రాన్ని ఏరుకోమనడం ఆ పిల్లలకు న్యాయం కాదు. వారికి నియమాన్ని తేలిక మాటల్లో ముందే చెప్పి, రెండు ఉదాహరణలు విడమరచి చూపాలి. అభ్యాసంలో కూడా పదాలను కలపడం ముందు, విడదీయడం తరువాత ఉండాలి. కలపడానికి నియమం ఒక్కటి చాలు గాని, విడదీయాలంటే అసలు మాట ‘ఊరు’ అని ముందే తెలిసి ఉండాలి.

మన తరగతి ఏ కోవకు చెందిందో తెలుసుకోవడానికి, పాఠానికి ముందు నోటితో ‘కొండలన్నీ’లో ఏ మాటలున్నాయని నలుగురైదుగురిని అడిగితే సరిపోతుంది. ఒక తరగతికి తేలిన జవాబు అన్ని సంధులకూ వర్తించదు. ‘వాడు’, ‘పోయె’ కలిసి ‘వాడువోయె’ అయ్యే గసడదవాదేశ సంధి నేటి వాడుకలో వినిపించదు గనుక, తెలుగింటి పిల్లలకైనా అక్కడ సూత్రమే ముందు చెప్పాలి.