నూనె రేటు పెరిగిన ఏడాది లాభం ఎంత? ఫిఫో, సగటు ధరలపై ఫోన్-ఇన్

యాంకర్: వ్యాపారుల లెక్కల కార్యక్రమానికి స్వాగతం. హనుమకొండలో ప్రాక్టీస్ చేస్తున్న చార్టర్డ్ అకౌంటెంట్ మేడం మనతో ఉన్నారు. మొదటి కాల్ నర్సంపేట నుంచి. చెప్పండి అన్నా.

నర్సంపేట కాలర్: నమస్తే మేడం. నాది నూనెల హోల్‌సేల్ దుకాణం. 2024 సెప్టెంబరులో కేంద్రం దిగుమతి సుంకం పెంచింది కదా, అప్పటి నుంచి సన్‌ఫ్లవర్ నూనె రేటు ఎక్కింది. మార్చి లెక్కల్లో ఆ టిన్నుల మీద 80 వేలు లాభం అని మా గుమస్తా రాశాడు. నేను సగటు రేటుతో వేసుకుంటే 50 వేలే వచ్చింది. గల్లాపెట్టె చూస్తే అసలు పైసలే లేవు. ఏది నిజం మేడం?

నిపుణురాలు: అన్నా, ముందు మీ అంకెలు చెప్పండి. ఏప్రిల్‌లో పాత సరుకు ఎంత ఉండె, తర్వాత ఎప్పుడు ఏ రేటుకు కొన్నారు?

కాలర్: ఏప్రిల్‌లో 100 టిన్నులు, ఒక్కోటి 1,500 రూపాయల చొప్పున. మధ్యలో 1,700కి 100 టిన్నులు కొన్న. చివర్లో 2,000కి ఇంకో 200. మొత్తం 250 అమ్మిన, 5 లక్షలు వచ్చినయి. 150 టిన్నులు మిగిలినయి.

నిపుణురాలు: ఈ రేట్లలో లారీ కిరాయి, హమాలీ కలిశాయా?

కాలర్: కలిపే చెప్పిన మేడం.

నిపుణురాలు: మంచిది. సరుకు దుకాణంలో పడేదాకా అయిన ఖర్చంతా ధరలో ఉండాలి. క్రెడిట్ తిరిగి వచ్చే జీఎస్టీని మాత్రం కలపొద్దు. ఇప్పుడు చూడండి, మీ చేతికి వచ్చిన సరుకు 400 టిన్నులు, దాని ఖర్చు 7 లక్షల 20 వేలు. ఇందులో కొంత అమ్మిన టిన్నులకు పోతుంది, కొంత మిగిలిన 150 టిన్నుల మీద నిలుస్తుంది. మీకూ మీ గుమస్తాకూ తేడా వచ్చింది ఈ పంపకంలోనే.

గుమస్తా ఫిఫో పట్టాడు. ముందు వచ్చిన సరుకు ముందు పోయినట్టు లెక్క. అప్పుడు మిగిలినవన్నీ చివర్లో 2,000కి కొన్నవే. 150 టిన్నులకు 3 లక్షలు. అమ్మిన సరుకు ఖర్చు 4 లక్షల 20 వేలు, లాభం 80 వేలు. మీరు సగటు పట్టారు. 7 లక్షల 20 వేలను 400తో భాగిస్తే టిన్నుకు 1,800. మిగిలిన సరుకు 2 లక్షల 70 వేలు, అమ్మిన దాని ఖర్చు 4 లక్షల 50 వేలు, లాభం 50 వేలు. రెండూ సరైన లెక్కలే. మన అకౌంటింగ్ స్టాండర్డ్ ఏఎస్-2 ఈ రెండు పద్ధతులనూ ఒప్పుకుంటుంది.

కాలర్: కానీ మేడం, మా గోదాంలో పైనున్న టిన్ను ముందు పోతుంది. పాతవి అడుగున పడి ఉంటయి. అలాంటప్పుడు ఫిఫో ఎట్లా నడుస్తుంది?

నిపుణురాలు: నడుస్తుంది. ఏ టిన్ను తలుపు దాటిందన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఒకే బ్రాండు, ఒకే సైజు సరుకు ఒకదాని బదులు ఒకటి ఇవ్వగలిగినది కాబట్టి, ఖర్చు ఏ వరుసలో పోయిందనుకోవాలో పద్ధతి చెబుతుంది, అంతే. అయినా నూనెకు గడువు తేదీ ఉంటుంది కాబట్టి పాతవి ముందు పంపండి, అది వేరే సంగతి.

ఇక మీ గల్లాపెట్టె. అమ్మితే 5 లక్షలు వచ్చింది, కొనడానికి 5 లక్షల 70 వేలు పెట్టారు. చేతిలోంచి 70 వేలు పోయింది. మీరు ఏ పద్ధతి పట్టినా ఈ 70 వేలు మారదు. లాభం టిన్నుల రూపంలో గోదాంలో ఉంది. పైగా 1,500 నాటి టిన్ను అమ్మితే దాని జాగాలో మళ్లీ టిన్ను పెట్టడానికి 2,000 కావాలి. రేట్లు పెరిగే ఏడాది ఫిఫో లాభంలో కొంత భాగం పాత చవక సరుకు చేతిలో ఉన్నందువల్ల వచ్చిందే. దాన్ని లాభమనుకుని ఇంటి ఖర్చుకు తీస్తే, తర్వాత లోడుకు అప్పు చేయాల్సి వస్తుంది. నాకు ఎక్కువ టెన్షన్ ఇచ్చే విషయం ఇదే అన్నా.

కాలర్: అయితే పన్నుకు సగటు చూపించి, బ్యాంకు స్టాక్ స్టేట్‌మెంట్‌లో ఫిఫో రాస్తే? సీసీ అప్పు లిమిట్‌కు సరుకు విలువ ఎక్కువ కనబడాలె కదా.

నిపుణురాలు: అది మాత్రం చేయకండి. ఒక సరుకుకు ఒకే పద్ధతి, పుస్తకాల్లో ఏది ఉందో బ్యాంకుకు పోయేదీ అదే. మార్చి 31 నాటి స్టేట్‌మెంట్‌నూ బ్యాలెన్స్ షీట్‌నూ పక్కపక్కన పెడితే 30 వేల తేడా ఎవరికైనా కనబడుతుంది. ఇంకో మాట. ఈ 30 వేలు పన్నులో ఆదా అయినట్టు కూడా కాదు. ఈ ఏడాది మిగిలిన సరుకే వచ్చే ఏడాది ప్రారంభ సరుకు. రేటు 2,000 దగ్గర ఆగిపోయి, మీరు సరుకంతా ఖాళీ చేస్తే, సగటు లెక్కలో ఖర్చు 30 వేలు తక్కువ పడి లాభం అంతే ఎక్కువ వస్తుంది. రెండేళ్లూ కలిపితే రెండు పద్ధతుల లాభం ఒకటే. రేటు ఏటా పెరుగుతూ, సరుకు నిల్వ అలాగే ఉంటే మాత్రం ఆ తేడా ముందుకు జరుగుతూ పోతుంది.

కాలర్: సరే మేడం. ఒక్క డౌట్. మా పిల్లగాడు కంప్యూటర్‌లో వేస్తే సగటు పద్ధతిలోనే 68 వేలు వచ్చింది.

నిపుణురాలు: ఆ 250లో చివరి లోడు రాకముందు ఎన్ని అమ్మారు?

కాలర్: 150.

నిపుణురాలు: అదే కారణం. ఆ ప్రోగ్రాం కొన్న ప్రతిసారీ కొత్త సగటు కడుతోంది. మొదటి 200 టిన్నుల సగటు 1,600. 150 పోయాక 50 టిన్నులు, 80 వేలు మిగిలింది. దానికి 4 లక్షల కొత్త లోడు కలిస్తే 250 టిన్నులకు 4 లక్షల 80 వేలు, సగటు 1,920. మిగిలిన 150 టిన్నుల విలువ 2 లక్షల 88 వేలు, లాభం 68 వేలు. మీరు ఏడాది మొత్తానికి ఒకే సగటు కట్టారు. అప్పుడు చివర్లో వచ్చిన ఖరీదైన లోడు అంతకుముందే అమ్ముడైన టిన్నుల మీద కూడా పడింది, అందుకే మీ లాభం తగ్గింది. కాబట్టి పుస్తకంలో ‘సగటు’ అని రాసి వదిలేయకండి, ఏ సగటో రాయించండి. ఫిఫోలో ఈ చిక్కు లేదు, ఎప్పుడు లెక్కించినా అదే 3 లక్షలు.

యాంకర్: ధన్యవాదాలు అన్నా. తర్వాత కాల్ జమ్మికుంట నుంచి, బీకాం చదువుతున్న అమ్మాయి.

జమ్మికుంట కాలర్: నమస్తే మేడం. ఇందాకటి లెక్కలో 1,500, 1,700, 2,000 కలిపి మూడుతో భాగిస్తే 1,733 వస్తుంది కదా. మీరు 1,800 అన్నారు.

నిపుణురాలు: రేట్లను భాగించకూడదమ్మా, రూపాయలను టిన్నులతో భాగించాలి. 2,000 రేటుకు కొన్నవి 200, మిగతా రెండు రేట్లకు నూరేసి. నువ్వు మూడింటికీ సమాన బరువిచ్చావు. 1,733తో వేస్తే మిగిలిన సరుకు విలువ 10 వేలు తగ్గుతుంది, లాభమూ అంతే తగ్గుతుంది. పరీక్షలో చాలామంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

జమ్మికుంట కాలర్: రేటు పడిపోతే కూడా ఫిఫోలో లాభం ఎక్కువేనా మేడం?

నిపుణురాలు: కాదు, కొనే రేట్లే తగ్గుతూ పోతే తిరగబడుతుంది. ఇక మన లెక్కలోనే అమ్మే రేటు పడిపోతే ఏమవుతుందో చూడు. మార్చి 31కి మిగిలిన టిన్నుల మీద అమ్మకం ఖర్చులు పోగా 1,900 మాత్రమే వచ్చేలా ఉందనుకో. కొన్న ఖర్చు, అమ్మితే చేతికి వచ్చేది, ఈ రెండిట్లో ఏది తక్కువైతే ఆ విలువే రాయాలి. ఫిఫోలో 2,000 ఉన్నది 1,900కి దిగుతుంది. 150 టిన్నుల మీద 15 వేలు తగ్గి లాభం 65 వేలవుతుంది. సగటు 1,800 అయితే అప్పటికే 1,900 కన్నా తక్కువ, కదలదు. నర్సంపేట అన్న కూడా వింటుంటే, మార్చి చివరి వారం అమ్మకం బిల్లులు ఒక ఫైలులో పెట్టుకోండి. ఆ 1,900 ఎక్కడి నుంచి వచ్చిందని ఆడిటర్ అడిగితే చూపించాల్సినవి అవే.