ఇంట్లో తయారుచేసిన కంట్రోల్ బాక్సు: ప్లగ్గు పెట్టే ముందు ఎర్తింగ్, ఆర్‌సీసీబీ

[తెర మీద: బల్లపై మూత తీసిన ఇనుప బాక్సు. లోపల ఉష్ణోగ్రత కంట్రోలరు, కాంటాక్టరు, ఎంసీబీ. పక్కన నీళ్లు నింపిన స్టీలు డ్రమ్ము.]

పుట్టగొడుగులు పెంచేవారు వరిగడ్డిని వేడి నీళ్లలో ఉంచి శుద్ధి చేస్తారు. అందుకు వాడే డ్రమ్ము కోసం ఇంట్లోనే తయారుచేసుకున్న కంట్రోల్ బాక్సు ఇది. డ్రమ్ములో 2000 వాట్ల ఇమ్మర్షన్ హీటరు ఉంటుంది. నీటి వేడి ఎంత ఉందో చూసి, ఉష్ణోగ్రత కంట్రోలరు, పెద్ద కరెంటును కలిపి తెంచే స్విచ్చయిన కాంటాక్టరు ద్వారా ఆ హీటరును వెలిగిస్తూ, ఆర్పుతూ ఉంటుంది. 230 వోల్టుల సరఫరా మీద హీటరు తీసుకునే కరెంటు సుమారు 8.7 ఆంపియర్లు కాబట్టి 16 ఆంపియర్ల మూడు పిన్నుల ప్లగ్గు, లోపల కరెంటు మితిమీరితే సరఫరాను తెంచే 16 ఆంపియర్ల ఎంసీబీ సరిపోతాయి. అయితే బాక్సు ఇనుపది, డ్రమ్ము స్టీలుది. పనిచేసే మనిషి చేతులు తడిగా ఉంటాయి, కాళ్ల కింద గచ్చు కూడా తడిగానే ఉంటుంది. అందువల్ల ఎంసీబీ ఒక్కటే ఉన్న ఈ బాక్సును ఇంకా మెయిన్స్‌కు కలపకూడదు.

చాలామంది ఇక్కడ రెండు మాటలు చెబుతారు. ఎర్త్ వైరు ఉంది కదా, కరెంటు నేలలోకి లీకైతే సరఫరాను తెంచే ఆర్‌సీసీబీ ఇక ఎందుకని కొందరు అంటారు. ఆర్‌సీసీబీ పెట్టాక ఎర్త్ లేకపోయినా ఫరవాలేదని మరికొందరు అంటారు. రెండూ ఎందుకు తప్పో లెక్క వేసి చూద్దాం.

[తెర మీద: ట్రాన్స్‌ఫార్మర్, ఇల్లు, ఇంటి ఎర్త్ గుంట, బాక్సు ఉన్న బొమ్మ. లోపం వచ్చిన చోటు నుంచి కరెంటు వెళ్లే దారి ఎర్రగీతతో కనిపిస్తుంది.]

మన ఇళ్లకు సాధారణంగా స్తంభం నుంచి ఫేజ్, న్యూట్రల్ అనే రెండు వైర్లే వస్తాయి. ఎర్త్‌ను ఇంటివారే పెరట్లో గుంట తవ్వించి ఏర్పాటు చేసుకుంటారు. ఆ గుంట నిరోధం 20 ఓమ్‌లు అనుకుందాం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌కు ఉన్న ఎర్త్ నిరోధం 2 ఓమ్‌లు అనుకుందాం. ఇప్పుడు బాక్సులో ఫేజ్ వైరు స్క్రూ వదులై, ఊడి, ఇనుప గోడకు తగిలింది. కరెంటు ఎర్త్ వైరు గుండా పెరట్లోని గుంటకు చేరి, నేల గుండా ట్రాన్స్‌ఫార్మర్‌కు తిరిగి వెళ్లాలి. ఆ దారిలో మొత్తం నిరోధం 22 ఓమ్‌లు కాబట్టి పారే కరెంటు 230 ÷ 22, అంటే సుమారు 10.5 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీకి ఇది మామూలు లోడు కిందే లెక్క. అప్పుడే హీటరు కూడా వెలిగి ఉంటే మొత్తం 19 ఆంపియర్లు అవుతుంది కానీ, అంత కొద్దిపాటి ఎక్కువకు ఎంసీబీ గంట గడిచినా పడకపోవచ్చు. వెంటనే పడాలంటే సి రకం ఎంసీబీకి దాని రేటింగుకు 5 నుంచి 10 రెట్ల కరెంటు, అంటే 80 నుంచి 160 ఆంపియర్ల దాకా కావాలి. ఇంటి ఎర్త్ గుంట గుండా అంత కరెంటు పారదు.

అసలు ప్రమాదం దీని తర్వాత ఉంది. 10.5 ఆంపియర్లు 20 ఓమ్‌ల గుంటలోకి పారుతున్నంతసేపు ఆ ఎర్త్ వైరు మీద దాదాపు 209 వోల్టులు నిలిచి ఉంటాయి. ఇంట్లో ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, గీజరు అన్నీ ఆ ఎర్త్‌కే కలిపి ఉంటాయి కాబట్టి వాటి బయటి లోహపు భాగాలు కూడా అంతే వోల్టేజీకి చేరతాయి. లోపం డ్రమ్ము దగ్గరి బాక్సులో ఉంటే షాకు వంటగదిలో ఫ్రిజ్ తలుపు పట్టుకున్నవారికి కొట్టవచ్చు. సొంత గుంట మీద ఆధారపడే ఇంట్లో ఎర్త్ వైరు ఒక్కటే సరిపోదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

[తెర మీద: ఆర్‌సీసీబీ లోపలి బొమ్మ. ఫేజ్, న్యూట్రల్ రెండూ ఒకే వలయం గుండా వెళ్తున్నాయి.]

ఆర్‌సీసీబీలో ఫేజ్, న్యూట్రల్ వైర్లు రెండూ ఒకే అయస్కాంత వలయం గుండా వెళ్తాయి. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి వస్తే వలయంలో ఏమీ జరగదు. కొంత కరెంటు వేరే దారిన నేలలోకి పోతే ఆ తేడాను వలయం మీది చిన్న చుట్ట పసిగట్టి స్విచ్చును పడగొడుతుంది. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ 15కు లోబడిన తేడాకు పడకూడదు, 30కి 300 మిల్లీసెకన్లలోపు పడాలి, 150 లేదా అంతకు మించితే 40 మిల్లీసెకన్లలోపు పడాలి. మనం లెక్క వేసిన 10.5 ఆంపియర్లు 30 మిల్లీఆంపియర్లకు 350 రెట్లు. కాబట్టి వైరు గోడకు తగిలిన క్షణమే, ఎవరూ ముట్టుకోకముందే సరఫరా తెగిపోతుంది.

మరి ఎర్త్ లేకుండా ఆర్‌సీసీబీ ఒక్కటే ఉంటే ఏమవుతుంది? బాక్సు చెక్క బల్ల మీద ఉంటుంది, డ్రమ్ము ఎండిన ఇటుకల మీద ఉంటుంది. ఫేజ్ గోడకు తగిలినా కరెంటు నేలకు వెళ్లడానికి దారి లేదు కాబట్టి ఆర్‌సీసీబీకి తేడా కనిపించదు. బాక్సు 230 వోల్టులతో అలాగే కాచుకుని ఉంటుంది. తడి కాళ్లతో ఎవరో వచ్చి దాన్ని పట్టుకున్నప్పుడు వారి ఒంటి గుండానే మొదటి లీకేజీ పారుతుంది. ఆర్‌సీసీబీ అప్పుడు పడుతుంది, చాలాసార్లు ప్రాణం కాపాడుతుంది. కానీ షాకు కొట్టాకే పడుతుంది. ఎర్త్ ఉంటే ఆ పని మనిషి రాకముందే జరిగిపోతుంది. ఒక చేత్తో ఫేజ్‌ను, మరో చేత్తో న్యూట్రల్‌ను పట్టుకున్నవారిని మాత్రం ఆర్‌సీసీబీ కాపాడలేదు. దాని లెక్కలో ఆ మనిషి కూడా ఒక లోడే.

[తెర మీద: దగ్గర దృశ్యం. బాక్సు అడుగున ఎర్త్ స్టడ్ బిగిస్తున్న చేతులు.]

ఇప్పుడు పని మొదలుపెడదాం. వైరు లోపలికి వచ్చే గ్లాండుకు దగ్గరలో ఒక రంధ్రం వేసి, దాని చుట్టూ రూపాయి బిళ్ల వెడల్పున పెయింటును మెరిసే ఇనుము కనిపించేదాకా గీకేయండి. పౌడర్ కోటింగు కరెంటును పారనివ్వదు. దాని మీదే వైరు కొసకు తొడిగే లోహపు లగ్ బిగిస్తే చూడటానికి గట్టిగానే ఉంటుంది కానీ ఎర్త్ అందదు. రంధ్రంలో ఎం5 ఇత్తడి బోల్టు పెట్టి, పళ్ల వాషరు వేసి, నట్టుతో బిగించండి. ప్లగ్గు నుంచి వచ్చే ఆకుపచ్చ-పసుపు వైరును, 2.5 చదరపు మిల్లీమీటర్లది, రింగ్ లగ్‌తో క్రింప్ చేసి ఆ బోల్టుకు తగిలించి, మరో నట్టు వేయండి. ఈ బోల్టు ఎర్త్‌కు మాత్రమే ఉండాలి. కాంటాక్టరునో మరో భాగాన్నో పట్టి ఉంచే స్క్రూ కిందికి ఎర్త్ లగ్‌ను దూర్చితే, రేపు ఆ భాగాన్ని మార్చేటప్పుడు ఎర్త్ కూడా ఊడుతుంది.

బాక్సు తలుపుకు విడిగా మెత్తటి ఎర్త్ వైరు వేయాలి. కీలు పెయింటుతో, తుప్పుతో ఉంటుంది కాబట్టి దాన్ని నమ్మకూడదు, పైగా కంట్రోలరు, స్విచ్చులు ఉండేది తలుపు మీదే. హీటరు సాకెట్టు ఎర్త్‌కు ఒక వైరు, డ్రమ్ముకు మరో వైరు ఈ బోల్టు నుంచే నేరుగా వెళ్లాలి. లోపల ఎర్త్ వైరును ఫేజ్, న్యూట్రల్ కంటే కాస్త పొడవుగా ఉంచండి. ఎవరైనా కేబులును లాగి పీకితే ముందు ఫేజ్ తెగి, ఎర్త్ చివరిదాకా నిలుస్తుంది. బాక్సులో ఎక్కడా న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలపవద్దు. కలిపితే ఆర్‌సీసీబీ నిలవకుండా పడుతుంది. అంతకంటే ఘోరం, బయట న్యూట్రల్ తెగి, ఎర్త్ కూడా సరిగా లేని రోజున హీటరు గుండా వచ్చిన ఫేజ్ బాక్సు గోడ మీద నిలుస్తుంది.

ఆర్‌సీసీబీ రెండు పోళ్లది, 25 ఆంపియర్లు, 30 మిల్లీఆంపియర్లది తీసుకోండి. లోపల ఎలక్ట్రానిక్ కంట్రోలరు ఉంది కాబట్టి టైప్-ఏసీ కంటే టైప్-ఏ అనే రకం మంచిది. గ్లాండు దాటగానే మొదట ఆర్‌సీసీబీ, దాని తర్వాత ఎంసీబీ, ఆ తర్వాత రెండు వైర్లనూ తెంచే కాంటాక్టరు ఉండాలి. ఆర్‌సీసీబీకి ముందున్న ముక్కను, ప్లగ్గు కేబులును అది కాపాడలేదు. అందుకే ఇంటి మెయిన్ బోర్డులో కూడా ఆర్‌సీసీబీ ఉండటం అవసరం. ఇండికేటరు దీపానికైనా సరే, న్యూట్రల్‌ను ఆర్‌సీసీబీకి ముందు వైపు నుంచి తీసుకోకూడదు. ఆ దీపం తీసుకునే కరెంటంతా లీకేజీలా కనిపిస్తుంది.

[తెర మీద: ప్లగ్గు బల్ల మీద ఉంది, సాకెట్టులో లేదు. మల్టీమీటరు.]

ప్లగ్గు బయట ఉండగానే మొదటి పరీక్ష. మల్టీమీటరు రెండు కొసలను కలిపి, వచ్చిన అంకెను రాసుకోండి. తర్వాత ఒక కొసను ప్లగ్గు పెద్ద పిన్నుకు, మరో కొసను వరుసగా బాక్సు గోడకు, తలుపుకు, డ్రమ్ముకు, హీటరు గొట్టానికి తాకించండి. ముందు రాసుకున్నది తీసేస్తే ఎక్కడా అర ఓమ్ కూడా మిగలకూడదు. తలుపును తెరుస్తూ, మూస్తూ అంకె కదులుతుందేమో చూడండి. కదిలితే అక్కడ లగ్ వదులుగా ఉంది. తర్వాత హీటరు రెండు వైర్లనూ కాంటాక్టరు నుంచి విప్పి, ఒకటిగా కలిపి, వాటికీ ఎర్త్ బోల్టుకూ మధ్య, ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే 500 వోల్టుల మెగ్గరుతో కొలవండి. 1 మెగాఓమ్‌కు తగ్గితే ఆ హీటరును వాడవద్దు.

సాకెట్టు ఎర్త్ విషయంలో మల్టీమీటరు మోసం చేస్తుంది. ఎర్త్ గుంట ఎండిపోయి నిరోధం 10,000 ఓమ్‌లకు పెరిగినా, మీటరు సొంత నిరోధం అంతకంటే చాలా ఎక్కువ కాబట్టి ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య అది 230 వోల్టులనే చూపిస్తుంది. గుంట నిరోధాన్ని ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ టెస్టరుతోనే కొలిపించాలి. ఎర్త్ మీద 50 వోల్టులు మించకూడదనుకుంటే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీకి లెక్క ప్రకారం 1,667 ఓమ్‌లున్నా చాలు. కానీ ఎండాకాలంలో నేల ఆరి నిరోధం పెరుగుతుంది కాబట్టి ఆ అంచుదాకా వెళ్లనివ్వవద్దు.

ఇవన్నీ సరిగా ఉంటేనే ప్లగ్గు పెట్టి, ఆర్‌సీసీబీని ఎత్తి, దాని టెస్ట్ బటన్ నొక్కండి. వెంటనే పడాలి. ఆ బటన్ చిన్న కరెంటును లోపలే దొంగదారిన పంపి స్విచ్చు కదులుతుందో లేదో మాత్రం చూస్తుంది. ఎర్త్ వైరు అసలు లేకపోయినా బటన్ పనిచేస్తుంది కాబట్టి అది ఎర్త్‌కు పరీక్ష కాదు.

[తెర మీద: నీళ్లు వేడెక్కుతున్న డ్రమ్ము. ఆర్‌సీసీబీ పడిపోయిన దృశ్యం.]

బాక్సు మొదట బాగానే నడిచి, పది నిమిషాలకు ఆర్‌సీసీబీ పడిందనుకుందాం. హీటరు సాకెట్టు నుంచి ప్లగ్గు తీసి మిగతా బాక్సును నడపండి. ఇప్పుడు పడకపోతే తప్పు హీటరుదే. హీటరు గొట్టం లోపలి పొడి చెమ్మ పీల్చుకున్నా, గొట్టం సన్నగా చీలినా, నీళ్లు కాగేకొద్దీ దాని నిరోధం పడిపోవచ్చు. అది 10,000 ఓమ్‌ల దరిదాపులకు వస్తే లీకేజీ 23 మిల్లీఆంపియర్లు అవుతుంది, ఆర్‌సీసీబీ పడటానికి అది చాలవచ్చు. చల్లగా ఉన్నప్పుడు మెగ్గరులో బాగున్నట్టు కనిపించిన హీటరును వేడిగా ఉన్నప్పుడు, ప్లగ్గు తీసేసి, మళ్లీ కొలిస్తే తేడా తెలుస్తుంది. ఈ దశలో ఎర్త్ వైరును విప్పేస్తే ఆర్‌సీసీబీ పడటం ఆగిపోతుంది. బాగుపడిందనుకుని అలాగే వదిలేసేవారు ఉన్నారు. లీకేజీ మాత్రం డ్రమ్ము మీద అలాగే ఉంటుంది. మార్చవలసింది హీటరును. కొత్త హీటరు బిగించాక బోల్టు నుంచి గొట్టం దాకా ఎర్త్ పరీక్షను, మెగ్గరు పరీక్షను మళ్లీ మొదటి నుంచి చేయండి.