చదరపు అడుగు 1,900 అన్నారు, 2,870 ఎలా అయింది? ఇంటి బడ్జెట్ లెక్క

నమస్కారమండీ. వెనకాల కనిపిస్తున్నది మా బాబాయి కట్టుకుంటున్న ఇల్లు. గుంటూరు శివారు, 200 గజాల స్థలం, గ్రౌండ్ ఫ్లోర్ ఒక్కటే. స్లాబ్ అయిపోయింది, గోడలు లేస్తున్నాయి. ఈ ఇంటి డబ్బుల లెక్కే ఇవాళ మీకు చూపిస్తాను. బాబాయి ఒప్పుకున్నాడు, పేరు మాత్రం చెప్పొద్దన్నాడు.

ఏడాది కిందట ఫోన్ చేశాడు. "ఒరేయ్, కాంట్రాక్టరు మెటీరియల్‌తో కలిపి అడుగుకి 1,900 అన్నాడు. వెయ్యి అడుగులు, 19 లక్షలు. ఒక లక్ష చేతిలో పెట్టుకుంటే 20లో అయిపోద్ది కదా?" నేను సైట్ల మీదే బతికేవాణ్ణి కాబట్టి వెంటనే అడిగాను, "బాబాయ్, ఏ వెయ్యి అడుగులు?" అని.

ఈ ప్రశ్న మీరూ అడగండి. బాబాయి ఇంట్లో గదుల లోపలి కొలత 850 అడుగులే. కాంట్రాక్టరు డబ్బులు లెక్కగట్టేది స్లాబ్ మీద. గోడల మందం, మెట్లు, ముందు పోర్టికో అన్నీ అందులోకి వస్తాయి. అది తప్పేం కాదు, అందరూ అలాగే కొలుస్తారు. కాకపోతే పైన మెట్ల గది వేరేగా కొలుస్తాడా, బాల్కనీకి సగం రేటా పూర్తి రేటా అన్నది అగ్రిమెంటు కాగితంలో రాయించుకోవాలి. స్లాబ్ పోసిన రోజు టేపు పట్టుకుని వాదించుకుంటే ఎవరికీ లాభం లేదు.

ఇప్పుడు బోర్డు మీద చూడండి. ఆ 1,900లో లేనివి రాస్తున్నాను. రేట్లు బాబాయికి పడినవి. మీ ఊళ్లో మీరు కనుక్కుని, మీ అంకెలు వేసుకోండి.

సంపు, సెప్టిక్ ట్యాంకు కలిపి లక్షా 60 వేలు. బోరు, మోటారు లక్షా 10 వేలు. ప్రహరీ చూద్దాం. స్థలం 36 అడుగులకి 50, చుట్టుకొలత 172. ఒక పక్క పొరుగాయన గోడ ఉంది కాబట్టి 50 తీసేశాం, గేటుకి 12 తీసేశాం. మిగిలింది 110 అడుగుల గోడ. రన్నింగ్ అడుగు 1,700 చొప్పున లక్షా 87 వేలు. గేటుతో కలిపి రెండున్నర లక్షలు. ప్లాను అనుమతి, కరెంటు మీటరు వగైరా ఒక లక్ష. వంటగది, కప్‌బోర్డులు రెండు లక్షలు.

మొత్తం 8 లక్షల 20 వేలు. 19కి కలిపితే 27 లక్షల 20 వేలు. ఇదంతా బడ్జెట్ దాటడం కాదండీ. ఇందులో ఒక్కటి కూడా అనుకోకుండా వచ్చిపడిన ఖర్చు కాదు. సంపు లేకుండా ఎవరూ ఇల్లు కట్టరు కదా. "అంతా అయిపోయేసరికి ఏడెనిమిది లక్షలు ఎక్కువైంది" అని చెప్పేవాళ్ల లెక్క తీసి చూస్తే, చాలామటుకు మొదట్లో రాసుకోనివే ఉంటాయి.

రాసుకోనివాటిలో అన్నిటికన్నా పెద్దది ఇంకా చెప్పలేదు. ఇటు రండి, రోడ్డు మీద నిలబడి చూద్దాం.

(రోడ్డు మీద నుంచి పునాది వైపు)

కాగితంలో 'బేస్‌మెంట్ ఎత్తు 2 అడుగులు' అని ఉంది. 2 అడుగులు ఎక్కడి నుంచి? కాంట్రాక్టరు లెక్క స్థలంలోని నేల నుంచి. కానీ ఈ స్థలం రోడ్డుకన్నా అడుగున్నర పల్లం. అంటే ఇల్లు రోడ్డు మీదికి అర అడుగే లేస్తుంది. రేపు పంచాయతీవాళ్లు ఉన్న రోడ్డు మీదే ఇంకో పొర సిమెంటు రోడ్డు వేస్తే వాన నీళ్లు నేరుగా హాల్లోకే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగాక విజయవాడవాళ్లకి ఈ మాట నేను చెప్పనక్కర్లేదు.

కాబట్టి 2 అడుగులు కాస్తా 4 చేశాం. ఆ రెండడుగులకి ఎంతైందో చూడండి. లోపల నింపాల్సిన చోటు సుమారు 900 చదరపు అడుగులు. రెండడుగుల ఎత్తున 1,800 ఘనపుటడుగులు. మట్టి తడిపి దిమ్మిసా కొడితే కుంగుతుంది కాబట్టి పావు వంతు ఎక్కువ తోలాలి, 2,250. ట్రాక్టరు ట్రక్కుకి వంద ఘనపుటడుగులు వేసుకున్నా 23 ట్రక్కులు. ట్రక్కు రెండు వేలు, 46 వేలు. రెండడుగుల ఎత్తు పెరిగిన గోడలకి ఇంకో 60 వేలు. ఇంటి చుట్టూ ఉన్న ఖాళీ నేలని కూడా రోడ్డు మట్టానికి లేపాలి కదా, దానికి 15 ట్రక్కులు, 30 వేలు. పెరిగిన మెట్లకి, బయటి ప్లాస్టరింగుకి 14 వేలు. వెరసి లక్షన్నర.

దీన్ని పట్టుకోవడానికి ఇంజనీరు కూడా అక్కర్లేదు. మేస్త్రీల దగ్గర నీళ్ల ట్యూబు ఉంటుంది. ఒక కొస రోడ్డు మధ్యలో, ఒక కొస స్థలంలో పెడితే పది నిమిషాల్లో తేలిపోతుంది. అగ్రిమెంటులో 'రోడ్డు మట్టం నుంచి ఇన్ని అడుగులు' అని రాయించండి.

తోలే మట్టి గురించి ఒక్క మాట. పునాది గుంతల్లోంచి తీసిన నల్లమట్టినే మళ్లీ లోపల వేసి తొక్కించేస్తారు కొందరు. తోలకం మిగులుతుంది కదా. నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలేస్తుంది. రెండేళ్లకి మీ టైల్స్ కింద డొల్ల మోగుతుంది, మూలలు పైకి లేస్తాయి. గ్రావెల్ గానీ, ఇసుక గానీ పోయించండి. అన్నట్టు, మన రాష్ట్రంలో 2024 జులై నుంచి ఇసుక ఉచితం. లారీ ఉచితం కాదు, ఎత్తే కూలి ఉచితం కాదు. పైగా కృష్ణలో వరద ఉన్న నెలల్లో ఇసుక తవ్వే రీచ్‌లు ఆగిపోతాయి, స్టాకు పెట్టుకున్నవాళ్లు చెప్పిందే రేటు.

ఇప్పుడు తెలిసిన ఖర్చు 28 లక్షల 70 వేలైంది. అడుగుకి 2,870. ఇక తెలియని ఖర్చు చూద్దాం. కంటిన్జెన్సీ అంటారే, అది.

మామూలుగా పది శాతం పెట్టుకోండి అంటారు. నేను దాన్ని రెండు సంచులు చేస్తాను. ఎందుకంటే నేల కింద ఉన్న ప్రమాదం వేరు, నేల పైన ఉన్నది వేరు.

మొదటి సంచి నేల కిందది. బాబాయి ఇంటికి పునాది వాటా మూడున్నర లక్షలు. మట్టి ఎలా ఉందో తెలియనప్పుడు దాని మీద 30 శాతం పక్కన పెట్టించాను, లక్షా 5 వేలు. కాంట్రాక్టరు 5 అడుగుల లోతుకి రేటు ఇచ్చాడు. తవ్వితే 5 అడుగుల దగ్గర కూడా నల్లమట్టే. ఆరున్నర దగ్గర గట్టి గరుసు తగిలింది, 7కి దింపాం. ఆ రెండడుగులకి కాంక్రీటు పెద్దగా పట్టలేదు. గుంతల్లో ఊరిన నీళ్లు రెండ్రోజులు మోటారుతో తోడటానికి, తీసిన మట్టి బదులు ఇసుక నింపటానికి, జేసీబీకి పోయింది డబ్బు. 62 వేలు.

మీరు ఇంతకన్నా తెలివిగా చేయొచ్చు. అగ్రిమెంటుకి ముందే జేసీబీని ఓ గంట మాట్లాడుకుని, స్థలంలో రెండు చోట్ల 7 అడుగుల గుంత తీయించండి. గుంతలోకి దిగకండి, అంచులు కూలతాయి, బకెట్లో వచ్చిన మట్టి పైనుంచి చూస్తే చాలు. నలుపు ఎక్కడ ఆగిందో కొలుచుకుంటే, అదే లోతుకి రేటు అడగొచ్చు. అప్పుడు ఈ సంచిలో 30 బదులు 10 శాతం సరిపోతుంది. రెండంతస్తులు ఆలోచిస్తుంటే మాత్రం గుంత చాలదు, సాయిల్ టెస్టు చేయించాల్సిందే. నల్లమట్టి మరీ లోతుంటే ఇంజనీరు అండర్ రీమ్డ్ పైల్స్, అంటే అడుగున ఉబ్బెత్తుగా ఉండే లోతైన కాంక్రీటు స్తంభాలు చెప్పొచ్చు, అప్పుడు పునాది లెక్క మొత్తం మళ్లీ వేసుకోవాలి.

రెండో సంచి నేల పైనది. మిగిలిన 25 లక్షల 20 వేల మీద 7 శాతం, లక్షా 76 వేలు. జనం ఇనుము రేటు గురించి భయపడతారు. లెక్క వేసి చూడండి: అడుగుకి 4 కిలోలు అనుకున్నా వెయ్యి అడుగులకి 4 టన్నులు. కిలోకి 5 రూపాయలు పెరిగితే 20 వేలు. సిమెంటు ఓ 450 బస్తాలు, బస్తాకి 40 పెరిగితే 18 వేలు. రెండూ కలిపి 40 వేలు కూడా లేదు. మెటీరియల్‌తో కాంట్రాక్టు కాబట్టి, రేట్లు పెరిగితే ఎవరు భరించాలో కాగితంలో ఉండాలి, అది వేరే సంగతి. ఈ సంచిని అసలు తినేది కట్టిన గోడ పగలగొట్టి తలుపు జరపడం. అదీ ఎక్కువగా వాస్తు చూసే ఆయన ఆలస్యంగా రావడం వల్ల. ఆయన్ని ప్లాను కాగితం మీద ఉన్నప్పుడే పిలవండి.

టైల్స్ ఈ సంచిలోకి రావు. కాగితంలో టైల్స్ అడుగుకి 50 వరకు అని ఉంది, పిన్నికి నచ్చినవి 85. తేడా 35. బాత్‌రూమ్ గోడలు, తరుగు కలుపుకుంటే టైల్స్ పట్టేది 850 కాదు, 1,300 అడుగులు. అంటే 45,500. ఇది అనుకోని ఖర్చు కాదు, ముచ్చట. ముచ్చటకి వేరే డబ్బు చూసుకోమన్నాను. పిన్ని నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు.

ఇక సంచి ఎప్పుడు విప్పాలి? పునాది బెల్టు పడ్డాక మొదటి సంచిలో 43 వేలు మిగిలింది. బాబాయి వెంటనే టేకు తలుపు అన్నాడు. వద్దని, దాన్ని రెండో సంచిలో కలిపించాను. ఇప్పటికి రెండో సంచిలోంచి వంటగది గట్టు మార్చినందుకు 11 వేలు, సెంట్రింగ్‌వాళ్లు వానకి ఆగిపోయిన వారానికి బాబాయి ఒప్పుకున్న 8 వేలు పోయాయి. ఉన్నది 2 లక్షలు. ప్లాస్టరింగు, కరెంటు పైపులు, నీళ్ల పైపులు ఇంకా మిగిలే ఉన్నాయి. అవి పూర్తై, పైపులకి ప్రెషర్ టెస్టు అయ్యాక ఇందులో సగం ఖర్చుకి వదులుతాం. టేకు తలుపు సంగతి ఆ రోజు చూద్దాం బాబాయ్.