బంకు, హోటలు, మధ్యలో ఆగిపోయిన డబ్బు

వాణి: నమస్కారమండీ, బెజవాడ నుంచి వాణి.

రాఘవ: గుంటూరు నుంచి రాఘవ.

వాణి: ఈ పూట కార్డు మీద పెట్టే హోల్డ్ సంగతి, అంటే డబ్బు ఇంకా తీసుకోకుండానే కొంత మొత్తాన్ని మనం వాడుకోకుండా ఆపి ఉంచడం. ముందు పెట్రోలు బంకు, తర్వాత హోటలు. బంకు తొందరగా అయిపోతుంది.

రాఘవ: తొందరగా ఎందుకవుతుంది? మూడు రూపాయల అరవై పైసలు ఉందిగా.

వాణి: దానికి వస్తాను. మన దగ్గర బంకులో కుర్రాడు ముందు పెట్రోలు కొడతాడు, ఆ తర్వాత మెషీన్లో అంతే మొత్తం వేస్తాడు. ఎంతయిందో తెలిశాకే కార్డు పెడుతున్నాం కాబట్టి హోల్డ్ అవసరం రాదు. అమెరికాలో పంపు దగ్గర మనిషి ఉండడు. ముందు కార్డు పెడితేనే గొట్టం పనిచేస్తుంది. మీరు ఎంత కొట్టుకుంటారో పంపుకి తెలియదు కదా, అందుకని బ్యాంకుని ఒక అంచనా మొత్తం పక్కన పెట్టమంటుంది. అది ఒక డాలరు కావచ్చు, 175 డాలర్ల దాకా కావచ్చు.

రాఘవ: మన పిల్లలకి తగిలే దెబ్బ అక్కడే. ఖాతాలో 150 డాలర్లున్నాయి, కొట్టించేది 40కే. పంపు 175 అడిగితే కార్డు చెల్లదంటుంది.

వాణి: లోపలికెళ్లి కౌంటర్లో "ఫలానా పంపు, 40 డాలర్లకి" అని చెప్పి కట్టేస్తే ఆ బాధ లేదు. ఇంకోటి, మన రూపాయి కార్డు అక్కడ వాడితే హోల్డ్ పడ్డ రోజు రేటు వేరు, అసలు లెక్క బ్యాంకుకి చేరిన రోజు రేటు వేరు. పైన బ్యాంకు వేసుకునే మార్కప్ అనే అదనపు రుసుము, దాని మీద జీఎస్టీ. అందుకే ఎస్సెమ్మెస్‌లో చూసిన రూపాయలు స్టేట్‌మెంట్లో కనపడవు.

రాఘవ: మన బంకులో కూడా కనపడవమ్మా! క్రెడిట్ కార్డు మీద 2,000 కొట్టిస్తే స్లిప్పు మీద 2,000. స్టేట్‌మెంట్లో ఒక శాతం సర్‌చార్జి 20 రూపాయలు, ఆ ఇరవై మీద 18 శాతం జీఎస్టీ 3.60. సర్‌చార్జి మాఫీ ఉన్న కార్డైతే ఇరవై వెనక్కి వేస్తారు. మూడు అరవై మాత్రం చాలా కార్డుల్లో రాదు.

వాణి: రాదు, నిజమే. కానీ అది హోల్డ్ కాదు, రుసుము. హోటలుకి వెళ్దాం.

రాఘవ: వెళ్దాం. లెక్క నువ్వు చెప్పు.

వాణి: బెంజి సర్కిల్ దగ్గర ఒక హోటలనుకోండి. గది రోజుకి 4,000, రెండు రాత్రులు, 8,000. రోజు అద్దె 7,500 లోపు కాబట్టి 5 శాతం జీఎస్టీ, 400. తిండికీ బట్టలుతకడానికీ అని ఇంకో 3,000 కలుపుతారు. మొత్తం 11,400కి ప్రీ-ఆథ్, అంటే హోల్డ్, వేస్తారు. డబ్బు హోటలుకి వెళ్లలేదు, మీ లిమిట్‌లో అంత మేర తాళం పడింది. మెషీన్ స్లిప్పు మీద SALE అని కాకుండా PRE-AUTH అనో అలాంటి మాటో ఉంటుంది, కింద ఆరంకెల అప్రూవల్ కోడ్ ఉంటుంది. ఆ కోడే ప్రాణం.

రాఘవ: వెళ్లేటప్పుడు?

వాణి: భోజనం 1,240, దాని మీద 5 శాతం 62. అసలు బిల్లు 9,702. ఫ్రంట్ ఆఫీసు వాళ్లు పాత కోడ్ కొట్టి, అదే ప్రీ-ఆథ్‌ని 9,702కి పూర్తిచేయాలి. మిగతా 1,698 విడుదలవుతుంది. బిల్లు హోల్డ్ కంటే పెరిగితే, పెరిగిన మేరకు ఇంకో ఆథరైజేషన్ తీసుకుంటారు.

రాఘవ: జరిగేది అది కాదుగా. పొద్దున్నే రద్దీలో ఆ కుర్రాడు పాత స్లిప్పు వెతక్కుండా "కార్డివ్వండి సార్" అని కొత్తగా SALE కొట్టేస్తాడు.

వాణి: అసలు తప్పు అక్కడే. కొత్త సేల్‌కి కొత్త కోడ్. ఈ రెండూ ఒకే బిల్లువని బ్యాంకు కంప్యూటర్‌కి తెలిసే దారి లేదు. 11,400 తాళం అలాగే ఉండి, పైన 9,702 పడుతుంది. ఒక్క గదికి 21,102 పోయినట్టు కనపడుతుంది.

రాఘవ: అప్పుడు బ్యాంకు తీయాలి. తాళం వేసింది బ్యాంకే కదా?

వాణి: వేయమన్నది హోటలు. తీయమనాల్సిందీ హోటలే.

రాఘవ: ఇదే నాకు ఒళ్లు మండే మాట! హోటలుకి ఫోన్ చేస్తే బ్యాంకునడగమంటారు, బ్యాంకుకి చేస్తే హోటలునడగమంటారు. కట్టేసిన బిల్లు చేతిలో ఉంది, తారీఖుంది, ఇంకేం కావాలి?

వాణి: అన్నయ్యా, బ్యాంకు వైపు నుంచి చూడండి. అది మాట ఇచ్చేసింది, "ఈ 11,400 మీకు దొరుకుతుంది" అని. కస్టమర్ చెప్పాడని తీసేశాక రేపు హోటలు ఆ కోడ్‌తోనే డబ్బడిగితే?

రాఘవ: అడిగితే బిల్లు చూపించి కాదనొచ్చు. డబ్బు కట్టినవాడే తిరగాలా?

వాణి: తిరక్కూడదు. కానీ బ్యాంకు సొంతంగా తీసేది గడువు తీరాకే. హోటలు హోల్డుకి ఆ గడువు నెల దాకా ఉండొచ్చు.

రాఘవ: నెల! జీతం పడే ఖాతా డెబిట్ కార్డైతే ఆ నెల ఇంటద్దె ఎలా కడతాడు?

వాణి: ...అవును. డెబిట్ కార్డైతే సొంత డబ్బే ఆగుతుంది. అందుకే చెక్-ఇన్‌లో క్రెడిట్ కార్డే ఇవ్వండి. లేకపోతే డిపాజిట్ నగదుగా కట్టి రసీదు తీసుకోండి.

రాఘవ: రోజుకి వంద రూపాయల పరిహారం సంగతి చెప్పు, చాలామంది అడిగారు.

వాణి: అది 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం. ఫెయిలైన లావాదేవీలకి. షాపులో కార్డు గీస్తే ఖాతాలో డబ్బు కట్ అయి, స్లిప్పు రాకపోతే, ఐదు రోజులు దాటాక రోజుకి వంద. హోల్డ్ ఫెయిలైన లావాదేవీ కాదు, అది సరిగ్గానే పడింది. దీనికి ఆ వంద అడిగితే ఇవ్వరు.

రాఘవ: సరే. హోల్డ్ ఇంకా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? స్టేట్‌మెంట్లో రాదుగా.

వాణి: రాదు, తీసివేత చేసి పట్టుకోవాలి. లిమిట్ 50,000. పాత బాకీ 12,000. ఇంకా బిల్లులోకి రాని ఖర్చు, ఈ హోటలు సేల్ 9,702. మిగలాల్సింది 28,298. యాప్‌లో వాడుకోదగ్గ లిమిట్ 16,898 చూపిస్తోందనుకోండి, తేడా ఎంత?

రాఘవ: 11,400. అణా పైసలతో అదే.

వాణి: అంతే, తాళం అక్కడే ఉంది. కొన్ని యాప్‌లు హోల్డ్‌ని కూడా పెండింగ్ అని జాబితాలోనే చూపిస్తాయి, అది ఒకసారి చూసుకోండి. ఇక హోటలుకి మెయిల్ పెట్టండి: ప్రీ-ఆథ్ తారీఖు, మొత్తం, అప్రూవల్ కోడ్, కార్డు చివరి నాలుగంకెలు, కట్టిన బిల్లు నకలు. "ఈ ప్రీ-ఆథ్ రద్దు చేసి, రద్దు చేసినట్టు మా బ్యాంకుకి లేఖ ఇవ్వండి" అని అడగండి. ఆ లేఖ పట్టుకుని వెళ్తే బ్యాంకు గడువు దాకా ఆగక్కర్లేదు.

రాఘవ: లేఖ లేకుండానే తీయాలని నేనింకా అంటున్నాను.

వాణి: అనండి. కానీ కౌంటర్ దగ్గరున్నప్పుడే అడిగితే ఇదంతా తప్పుతుంది. "పాత ప్రీ-ఆథ్‌నే పూర్తిచేయండి" అనండి. అప్పటికే SALE కొట్టేసి ఉంటే, అక్కడే ప్రీ-ఆథ్ రద్దు చేయించి ఆ రద్దు స్లిప్పు తీసుకుని కదలండి.

రాఘవ: ఆ మూడు అరవైకి కూడా ఒక స్లిప్పు ఇస్తే బాగుండును.

వాణి: అన్నయ్యా!

రాఘవ: సరే సరే. చెక్-ఇన్ స్లిప్పు పోయిందనుకో, కోడ్ ఎక్కడ దొరుకుతుంది?

వాణి: హోటలు దగ్గర వాళ్ల కాపీ ఉంటుంది, గది నంబరూ తారీఖూ చెప్తే తీయగలరు. వాళ్లు లేదంటే బ్యాంకు కస్టమర్ కేర్‌నడగండి, హోల్డ్ వివరాల్లో కోడ్ వాళ్లకి కనపడుతుంది. కార్డు వెనకున్న నంబరుకే చేయండి, ఇంటర్నెట్లో వెతికిన నంబరుకి మాత్రం చేయకండి.