కాఫీ ధర జోలికి పోకండి

వేదిక మీది పెద్దలకు, కౌంటర్ వదిలి వచ్చిన కెఫే యజమానులకు నమస్కారం. సన్మానాలు తర్వాత చేసుకుందాం. మూడింటికి మీ టేబుళ్లు ఖాళీగా ఉంటాయి కాబట్టే ఈ సభ మధ్యాహ్నం పెట్టారు, ఆ సంగతే మాట్లాడదాం.

మంగళవారం మూడు గంటలు. జనం లేరు. వెంటనే ఫోన్ తీసి ఎర్ర అక్షరాలతో ఒక పోస్టు: 'హ్యాపీ అవర్స్! కాఫీ సగం ధరకే!' కింద కంటికి కనబడనంత చిన్నగా 'షరతులు వర్తిస్తాయి'. అయ్యా, మీరు నడిపేది కెఫేనా, ఆషాఢం సేల్ పెట్టిన బట్టల కొట్టా? బట్టల కొట్టుకు ఆషాఢం ఏడాదికి ఒక్కసారే వస్తుంది. మీకు వారానికి ఐదు ఆషాఢాలు! పైగా మన ఊళ్లలో హ్యాపీ అవర్స్ అంటే బారు బోర్డే గుర్తొస్తుంది. ముందు ఆ పేరు తీసేయండి.

లెక్క చూడండి. పన్ను పక్కన పెడితే కప్పుచినో 180 రూపాయలు, పాలు, గింజలు, చక్కెర కలిపి ఖర్చు 50 అనుకుందాం. మిగిలేది 130. సగం ధరకిస్తే మిగిలేది 40. పది కప్పులకు వచ్చే మిగులు రావాలంటే ముప్పై మూడు కప్పులు పోయాలి. చెయ్యెత్తండి, మధ్యాహ్నం ముప్పై మూడు కప్పులు ఎవరు పోస్తున్నారు? ...సరే.

ఇప్పుడు కాఫీ ధర కదపకుండా పక్కన ఒక అరటిపండు కేక్ ముక్క పెట్టండి. ముక్క ధర 120, ఖర్చు 35. రెండూ కలిపి 300 అయ్యేది 240కి ఇచ్చారు. ఖర్చు 85 పోను 155 మిగిలింది. ఒట్టి కాఫీ తాగి పోయేవాడితో పోలిస్తే పాతిక ఎక్కువే. అయితే ఒక చిక్కుంది. రెండూ పూర్తి ధరకే కొనే మనిషి ఈ జతకు మారితే అరవై పోతుంది. అందుకే నెల బిల్లులు తిరగేసి, మధ్యాహ్నం కాఫీతో ఎవరూ అడగని పదార్థాన్నే జతకు ఎంచుకోండి.

'మిగిలిపోయింది అంటగడుతున్నారు' అని జనం అనుకుంటే అంతా పోతుంది. దానికి మందు ఓవెన్‌లో ఉంది. ఒంటి గంటకు రెండు అరటిపండు కేక్ లోఫులు ఓవెన్‌లో పెట్టండి. 175 డిగ్రీల దగ్గర దాదాపు గంట పడుతుంది, కాబట్టి రెండింటికి దిగుతాయి. వేడి మీద కోస్తే పొడిపొడి అవుతుంది, గంట ఆరనివ్వండి. మూడింటికి ఇరవై ముక్కలు సిద్ధం. మూడింటికే ఎందుకు అంటే ఇప్పుడు మీ దగ్గర నిజమైన జవాబుంది, కేక్ అప్పుడే తయారవుతుంది కాబట్టి. హైదరాబాద్ ఇరానీ హోటల్లో చాయ్ పక్కన ఉస్మానియా బిస్కెట్ చూడండి. ఆ జతకు జనం అలవాటు పడింది చాయ్ సగం ధరకు ఇచ్చారని కాదు.

ఇక పోస్టు. లోఫు దిగగానే, కోయకముందే, కిటికీ వెలుతురులో ఫొటో తీయండి. ఫ్లాష్ వద్దు, ధర మీద అడ్డగీత వద్దు. మాటలు ఇంతే చాలు:

'అరటిపండు కేక్ రెండింటికి ఓవెన్‌లోంచి దిగింది. మూడు నుంచి ఐదు దాకా, కప్పుచినోతో కలిపి 240. ఈరోజుకు ఇరవై ముక్కలే.'

ఇది ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలోనూ వాట్సాప్ స్టేటస్‌లోనూ మాత్రమే పెట్టండి, రెండుంబావుకి. భోజనం అయి, కునుకు వచ్చే వేళ అది. స్టోరీ ఇరవై నాలుగు గంటల్లో పోతుంది, హైలైట్లలో దాచకండి. ఫీడ్‌లో పెట్టిన ధర మాత్రం అక్కడే ఉండిపోతుంది. మూడు రోజుల తర్వాత ఎవరికో కనబడుతుంది, ఆ మనిషి రాత్రి ఏడింటికి వచ్చి 240కి ఇమ్మంటాడు. ఫీడ్‌లో కేక్ ఫొటో పెట్టుకోండి, అంకె వద్దు. ముక్కలు అయిపోగానే 'అయిపోయాయి' అని ఇంకో స్టోరీ పెట్టండి. నాలుగింటికే అయిపోతే సిగ్గుపడక్కర్లేదు. ఇరవై అని చెప్పి ఇరవై ఒకటోది తీయకండి, దయచేసి!

కౌంటర్‌లో ఉన్న కుర్రాడికి చెప్పారా? పోస్టు చూసి వచ్చినవాళ్లతో 'ఏ ఆఫర్ సార్?' అంటే ఆ పూట అయిపోయినట్టే. బిల్లింగ్‌లో ఈ జతకు వేరే పేరు పెట్టండి, లేకపోతే ఎన్ని పోయాయో తర్వాత తెలీదు.

చివరిగా ఒక మోసం గురించి. మూడు నుంచి ఐదు దాకా బిల్లులు పెరిగాయని సంబరపడతారు. ఐదు నుంచి ఏడు దాకా కూడా చూడండి. అక్కడ అన్నే తగ్గితే కొత్తవాళ్లు ఎవరూ రాలేదు, ఆరింటికి వచ్చే మీ పాత ఖాతాదారే నాలుగింటికి వచ్చాడు. ఆఫర్‌కు ముందు నాలుగు మంగళవారాలు, తర్వాత నాలుగు మంగళవారాలు, రోజు మొత్తం బిల్లులు పక్కపక్కన పెట్టి చూడండి. మధ్యలో పండగో గట్టి వానో పడిన మంగళవారాన్ని లెక్కలోంచి తీసేయండి. మొత్తం పెరగకపోతే ముగింపు వేళను నాలుగున్నరకు జరిపి, ఇంకో నాలుగు వారాలు చూడండి.

అదుగో, టైము మూడయింది. మీ కౌంటర్లకు ఫోన్ చేసి కనుక్కోండి, ఎన్ని టేబుళ్లు ఖాళీయో.