దాహం తీర్చిన దారి

శ్రోతలకు నమస్కారం. హజ్ యాత్రలో మొదటి రోజుకు అరబ్బీలో ఒక పేరుంది: యౌమ్ అల్ తర్వియా. దాహం తీర్చుకునే రోజు, నీళ్లు నింపుకునే రోజు అని అర్థం చెబుతారు. అది జుల్‌హజ్ నెల 8వ తేదీ. మర్నాడు యాత్రికులంతా అరఫాత్ మైదానంలో ఉండాలి. పూర్వం అక్కడ నీటి చుక్క దొరికేది కాదు. అందుకే ముందు రోజే తోలు తిత్తులు నింపి, ఒంటెల మీద కట్టుకుని బయలుదేరేవారు. ఆ పేరు ఇప్పటికీ అలాగే ఉంది.

సయీ అనే విధిలో కూడా నీటి కథే ఉంది. ఇబ్రహీం ప్రవక్త భార్య హాజిరా, పసిబిడ్డ ఇస్మాయిల్‌కు గుక్కెడు నీళ్ల కోసం సఫా, మర్వా అనే రెండు గుట్టల మధ్య ఏడుసార్లు తిరిగింది. చివరికి బిడ్డ దగ్గరే జమ్‌జమ్ ఊట పుట్టింది. యాత్రికులు ఆ ఏడు సార్లూ నడుస్తారు, మొత్తం సుమారు మూడు కిలోమీటర్లు. మధ్యలో కొంత దూరం మగవాళ్లు వడిగా పరుగులాంటి నడక నడుస్తారు. అక్కడ ఒకప్పుడు పల్లం ఉండేదట. అందులోకి దిగితే బిడ్డ కనబడక ఆ తల్లి పరుగెత్తిందని చెబుతారు. ఒక తల్లి పడ్డ కంగారును లక్షలమంది తమ కాళ్లతో గుర్తు చేసుకుంటున్నారు. హజ్ గురించి ఆలోచించినప్పుడల్లా నా మనసు అక్కడే ఆగిపోతుంది.

ఆ కష్టం యాత్రికులకు దారి పొడవునా ఉండేది. ఇరాక్‌లోని కూఫా నుంచి మక్కా దాదాపు 1,400 కిలోమీటర్లు. మధ్యలో అంతా ఎడారి. ఖలీఫా హారూన్ అల్ రషీద్ భార్య జుబైదా ఈ దారి మీద బావులు తవ్వించింది, చెరువులు కట్టించింది. అంతకుముందు ఖలీఫాలు మొదలుపెట్టిన పనే అయినా, దారికి ఆమె పేరే నిలిచింది: దర్బ్ జుబైదా.

ఆ చెరువుల పనితనం చూడండి. ఎడారిలో వాన ఎప్పుడో గాని పడదు. పడితే వాగు ఒక్కసారిగా పొంగి, కాసేపట్లో ఇంకిపోతుంది. అందుకని వాగుకు అడ్డంగా తక్కువ ఎత్తు గోడ కట్టి, వరదను పక్కకు మళ్లించేవారు. ఆ నీళ్లు ముందుగా ఒక చిన్న తొట్టిలోకి వెళ్లేవి. ఇసుక, ఒండ్రు అక్కడ అడుగుకు దిగి, నీళ్లు తేరుకున్నాక పక్కనున్న పెద్ద చెరువులోకి పారేవి. చిన్న తొట్టిలో పూడిక తీయకపోతే పెద్ద చెరువూ మెల్లగా మూసుకుపోతుంది. కాబట్టి కట్టించడంతో పని అయిపోదు, ఏటా మనుషులు ఉండి చూసుకోవాలి. 1184లో ఈ దారిన వెళ్లిన ఇబ్న్ జుబైర్ అనే యాత్రికుడు, ఆమె లేకపోతే ఈ దారిలో ఎవరూ నడవలేకపోయేవారని రాశాడు. అప్పటికి ఆమె చనిపోయి 350 ఏళ్లు దాటింది.

నీళ్లు ఒక్కటే చాలవు, రక్షణ కూడా కావాలి. డమాస్కస్ నుంచి వెళ్లే దారిలో ఒట్టోమన్ సుల్తానులు బావుల దగ్గర కోటలు కట్టించారు. బిడారుకు నాయకత్వం డమాస్కస్ గవర్నరుదే. ఆ ఎడారి తమదేనని భావించే బెదూయిన్ తెగలకు ఏటా డబ్బు ఇచ్చేవారు, దాన్ని సుర్రా అనేవారు. తిరిగొచ్చే యాత్రికులకు తిండి అయిపోయి ఉంటుంది కదా, వాళ్లకు ఎదురుగా సరుకులతో ఇంకో బిడారును పంపేవారు. దాని పేరు జర్దా.

1757లో ఈ ఏర్పాటు కుప్పకూలింది. ఆ ప్రాంతంలో కరువు. పద్నాలుగేళ్లు డమాస్కస్‌ను పాలించిన గవర్నరు అసద్ పాషాను తప్పించారు. తెగలకు డబ్బు అందలేదు. తెగలవాళ్లు ముందు జర్దాను దోచుకున్నారు. అంటే యాత్రికుల తిండి దారిలోనే పోయింది. తిరుగు దారిలో తబూక్ అనే ఊరి దాకా వచ్చిన బిడారు కొన్నాళ్లు ఎదురుచూసి, తప్పక ముందుకు కదిలింది. దాత్ హజ్ అనే చోటికి వెళ్లే దారిలో దాడి జరిగింది. సుమారు 20,000 మంది చనిపోయారని అంచనా. కత్తికి పోయినవాళ్లకన్నా, దోపిడీ తర్వాత ఎడారిలో ఆకలితో, దాహంతో రాలిపోయినవాళ్లే ఎక్కువ. సుల్తాను సోదరి కూడా బతకలేదు.

జుబైదా మక్కాకు, అరఫాత్‌కు తెప్పించిన కాలువ మాత్రం ఎన్నోసార్లు మరమ్మతులు చేయించుకుంటూ 20వ శతాబ్దం దాకా పారింది. పేరు ఐన్ జుబైదా. కొండల్లోని ఊట నుంచి, సన్నని వాలు తప్పకుండా రాతితో కట్టిన కాలువ. అది వచ్చాక, నీళ్లు నింపుకునే రోజున తిత్తులు మోయాల్సిన బరువు తగ్గింది.