ఫోన్-ఇన్: ఫ్రాంచైజీ ఇస్తామంటూ మెయిల్ వస్తే…

యాంకర్: రాయగడ నుంచి కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండి.

కాలర్: నమస్కారం సార్. బస్టాండు దగ్గర మాకు టిఫిన్ సెంటర్ ఉందండి. పెద్ద చికెన్ బ్రాండు ఫ్రాంచైజీ కోసం నెట్‌లో ఫారం నింపాను. అప్రూవల్ లెటర్ మెయిల్‌కొచ్చింది. రిజిస్ట్రేషన్‌కి 45,500 కట్టమంటున్నారు, రేపే ఆఖరి రోజట. మా బావమరిది ఆగమంటున్నాడు. కట్టొచ్చాండి?

నిపుణుడు: కట్టకండి. మీ షాపు చూడడానికి ఎవరైనా వచ్చారా?

కాలర్: లేదండి, ఫొటోలు పంపమన్నారు.

నిపుణుడు: స్థలం చూడకుండా అప్రూవల్ ఏమిటండీ? మెయిల్ అడ్రసులో @ తర్వాత ఏముంది?

కాలర్: కంపెనీ పేరు, అడ్డగీత, ఫ్రాంచైజీ, డాట్ కామ్.

నిపుణుడు: అలాంటి పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. కంపెనీ అసలు సైటు పేరుతో పోల్చి చూడండి.

కాలర్: కానీ సార్, లెటర్‌లో జీఎస్టీ నంబరుంది. జీఎస్టీ సైట్లో కొడితే కంపెనీ పేరే వచ్చింది!

నిపుణుడు: వస్తుంది. ఆ నంబరు వాళ్ల షాపు బిల్లు మీద అచ్చేసే ఉంటుంది. అది చూసి లెటర్ మీద ఎక్కించారు. నంబరు నిజమైనదే, లెటర్ పంపినవాడు వేరు. కంపెనీని అడిగితేనే తేలుతుంది. మెయిల్లో ఉన్న నంబరుకు మాత్రం చెయ్యకండి.

కాలర్: చేశానండి, చాలా మర్యాదగా మాట్లాడారు.

నిపుణుడు: వాడి నంబరుకు చేస్తే వాడే ఎత్తుతాడు బాబూ! గూగుల్లో పైన వచ్చే ప్రకటన కూడా నమ్మొద్దు. ఆ బ్రాండు ప్యాకెట్ మీదో, బిల్లు మీదో ఉన్న సైటు పేరు మీరే టైప్ చేసి, అందులో ఉన్న ఆఫీసుకు ఫోన్ చెయ్యండి. మూడు ప్రశ్నలు. రాయగడలో ఫ్రాంచైజీ ఇస్తున్నారా? ఈ మెయిల్ ఐడీ మీదేనా? ఈ బ్యాంకు ఖాతా మీదేనా? లెటర్ కూడా వాళ్లకు పంపి, జవాబు మెయిల్లో తీసుకోండి. కొన్ని బ్రాండ్లు అసలు ఫ్రాంచైజీలే ఇవ్వవు. మన దేశంలో డామినోస్ షాపులను జూబిలెంట్ ఫుడ్‌వర్క్స్ కంపెనీయే నడుపుతుంది.

కాలర్: మరి రేపు గడువు దాటితే చోటు పోదా సార్? డబ్బు కట్టేసి, తర్వాత కంపెనీని అడిగితే?

నిపుణుడు: అయ్యో, మళ్లీ అదే మాట! అడిగాకే కట్టాలి. నిజమైన కంపెనీ అయితే మీ ఫోన్‌కి జవాబిచ్చే దాకా ఆగుతుంది. మీ బావమరిది మాట వినండి.

యాంకర్: థాంక్యూ అండి. పర్లాకిమిడి నుంచి, చెప్పండమ్మా.

కాలర్: నిన్న సాయంత్రం మావారు కట్టేశారండి. ఇప్పుడు ఎన్‌ఓసీకి ఇంకో లక్షంటున్నారు.

నిపుణుడు: ఇంక ఒక్క రూపాయి పంపకండమ్మా. ఫోన్ పెట్టేసి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెయ్యండి. నిన్నటి లావాదేవీని గుర్తించే యూటీఆర్ నంబరు చేతిలో పెట్టుకోండి, అడుగుతారు. బ్యాంకుకూ చెప్పండి. ఆ డబ్బు వాళ్ల ఖాతాలోనే ఇంకా ఉంటే ఆపించే వీలుంటుంది, తీసేసుకుంటే కష్టం. తర్వాత cybercrime.gov.in లో ఫిర్యాదు. రిఫండ్ ఇస్తాం, ముందు చార్జీ కట్టమన్నా కట్టకండి.

యాంకర్: గుణుపురం… హలో? లైన్ కట్టయింది. ధన్యవాదాలు సార్.